కుట్ల లెక్క పక్కన పెట్టి లోతు అడగండి

ప్రశ్న: "నార్మల్ డెలివరీ అయి ఆరు రోజులైంది. కట్ చేసి ఎనిమిది కుట్లు వేశారట. ఎనిమిది అంటే ఎక్కువేనా? అసలు కట్ చేయకుండా కాన్పు చేయరా? కూర్చోలేకపోతున్నాను, ఎన్నాళ్ళకి తగ్గుతుంది?"

ఎనిమిదా పన్నెండా అన్నదాన్ని బట్టి ఏమీ తెలియదమ్మా. నేను ఇరవై ఆరేళ్ళు లేబర్ రూంలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఒకే దారంతో చర్మం లోపల్లోపలే కుట్టుకుంటూ పోతే బయటికి ఒక్క కుట్టు కూడా కనిపించదు. అదే కోతని విడివిడిగా ముడులేసి కుడితే పది కనిపిస్తాయి. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ "ఎన్ని కుట్లు పడ్డాయి?" అని అడుగుతారు, పక్క మంచం ఆవిడ లెక్కతో పోలుస్తారు. అడగాల్సినవి రెండే. ఏ డిగ్రీ వరకు, అంటే ఎంత లోతు దాకా చిరిగింది? కుట్టేముందు మలద్వారంలో వేలు పెట్టి చూశారా? రెండోది వినడానికి బాగోదు గానీ, నా ప్రాణం మీదికి తెచ్చింది అది చేయకపోవడమే.

1998లో నా మొదటి కాన్పు ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో అయింది. కట్ చేశారు, కుట్టారు, "చిన్నదే" అన్నారు. మూడో రోజు నుంచి నాకు గ్యాస్ ఆగేది కాదు. పరిగెత్తుకెళ్ళకపోతే విరేచనం కూడా ఆగేది కాదు. చెబితే "కొత్తలో అందరికీ అంతే" అన్నారు. నర్సుని అయ్యుండి నేనూ నమ్మాను. డ్యూటీలో చేరాక రౌండ్స్ జరుగుతున్నప్పుడు అందరికంటే వెనకాల, కిటికీ పక్కన నిలబడేదాన్ని. మా ఆయనకి కూడా చెప్పుకోలేదు.

రెండేళ్ళకి ఒక నైట్ డ్యూటీలో అసలు సంగతి తెలిసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, తొలిచూలు. తల కనిపిస్తోంది గానీ గంట దాటినా దిగట్లేదు. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా బిడ్డ గుండె 80కి పడిపోయి పైకి రావట్లేదు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ, బిడ్డ తలని పట్టి లాగే ఫోర్సెప్స్ అడిగింది. మత్తుకి పది మిల్లీలీటర్ల లిగ్నోకైన్ గుచ్చి, కుడివైపుకి కట్ చేసి, బిడ్డని లాగింది. మూడు కేజీల ఏడు వందల గ్రాముల మగపిల్లాడు. కాస్త ఆలస్యంగానైనా గట్టిగానే ఏడ్చాడు. మాయ పడింది. చూస్తే మామూలు కోతలాగే ఉంది. నేను సూదీ దారం ట్రేలో పెట్టి, మెడ వంగిన లైటుని ఒక చేత్తో పట్టుకున్నాను. ఆ లైటు స్టాండు బాగుచేయించమని మూడుసార్లు రాసిచ్చాం, నేను బదిలీ అయ్యేదాకా అలాగే ఉంది.

అప్పుడు వచ్చారు పెద్ద మేడం. చెయ్యి కడుక్కుంటూనే "పీఆర్ చేశావా?" అని, అంటే మలద్వారంలో వేలు పెట్టి చూశావా అని అడిగారు. చిన్న డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. మేడం గ్లవ్ వేసుకుని, చూపుడు వేలు మలద్వారంలో, బొటనవేలు యోనిలో పెట్టి, మధ్యలో ఉన్నదాన్ని చిన్న ఉండ నలిపినట్టు నలిపి చూశారు. మలద్వారం చుట్టూ ఉంగరంలా కండరం ఉండాలి. ముందువైపు ఆ గట్టిదనం లేదు. "సిస్టర్, లైటు ఇటు తిప్పు" అని చర్మం చూపించారు. మలద్వారం చుట్టూ సన్నటి ముడతలు పువ్వు రేకుల్లా ఉంటాయి. పైభాగంలో మాత్రం ముడతలు పోయి నున్నగా ఉంది. "ఉంగరం తెగింది. థియేటర్ రెడీ చేయించు" అన్నారు.

నా కాళ్ళు చల్లబడ్డాయి. నాకు ఈ పరీక్ష ఎవరూ చేయలేదని ఆ క్షణంలో గుర్తొచ్చింది.

ఎందుకు తెగిందో కూడా మేడం అక్కడే చెప్పారు. పక్కకి కోసే కోత, తల వచ్చి ఆ భాగం బాగా పొంగి ఉన్నప్పుడు, మధ్యగీత నుంచి 60 డిగ్రీలు పక్కకి ఉండాలి. బిడ్డ వచ్చి చర్మం సర్దుకున్నాక అదే 45కి దగ్గరపడుతుంది. చిన్న డాక్టరమ్మ తొందరలో నిటారుగా, మలద్వారం వైపుకి కోసింది. ఫోర్సెప్స్‌తో లాగేటప్పుడు కోత ఆ దారినే పోయింది. కట్ చేస్తే చిరగదని మేమంతా నమ్మేవాళ్ళం. కోణం తప్పితే కట్టే చిరుగుకి దారి చూపిస్తుంది.

థియేటర్లో వెన్నుకి మత్తు ఇచ్చారు. నొప్పి కోసమే అనుకున్నాను. కండరం వదులైతే తప్ప తెగిన కొసలు చేతికి అందవట. లంగా బొందు తెగి పట్టీ లోపలికి జారిపోతే పిన్నీసుతో వెతికి బయటికి లాగుతాం చూడండి, అచ్చం అలాగే. రెండు కొసలూ రెండు పక్కలకి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆలిస్ ఫోర్సెప్స్ అనే చిన్న పటకారుతో ఒక్కో కొసా వెతికి పట్టి దగ్గరికి తెచ్చారు. బయటి ఉంగరం సగం కంటే ఎక్కువ మందం తెగింది, లోపలి ఉంగరం బాగానే ఉంది. కేసు షీటులో 3బి అని రాయించారు. సగం కంటే తక్కువ తెగితే 3ఎ, లోపలిది కూడా తెగితే 3సి, పురీషనాళం లోపలి పొర దాకా పోతే నాలుగో డిగ్రీ. ఆ పిల్ల వాళ్ళ నాన్న అర్ధరాత్రి ఊళ్ళోకి వెళ్ళి మెడికల్ షాపు తలుపు కొట్టి విక్రిల్ దారం కొనుక్కొచ్చాడు. మా స్టోర్లో క్యాట్‌గట్ తప్ప ఏమీ ఉండేది కాదు. ఉంగరానికి అది పనికిరాదు, కండరం అతుక్కునేలోపే బలం పోతుంది.

ఉంగరం అయ్యాక మిగతాది మామూలు క్రమమే. యోనిలో చిరుగు పైకొస కంటే ఒక సెంటీమీటరు పైనుంచి మొదలుపెట్టాలి, లేకపోతే అక్కడ ముడుచుకున్న రక్తనాళం లోపలే కారుతుంది. తర్వాత కండరాలు, ఆ తర్వాత చర్మం. మధ్యలో ఖాళీ మిగలకూడదు, మిగిలితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. బిగించి కుట్టకూడదు, మర్నాటికి వాపొస్తే దారం కోసేస్తుంది. చివర్లో గాజ్ గుడ్డ ముక్కలన్నీ, సూదులన్నీ లెక్క చూశాం. మేడం మళ్ళీ వేలు పెట్టి, ఏ కుట్టూ పురీషనాళంలోకి దిగలేదని నిర్ధారించుకున్నారు. యాంటీబయాటిక్స్, మూత్రానికి గొట్టం, విరేచనం మెత్తగా కావడానికి లాక్టులోజ్ రాశారు. ఆరు వారాలకి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చినప్పుడు నేనే పక్కకి తీసుకెళ్ళి అడిగాను. గ్యాస్ ఆగుతోంది, అన్నీ ఆగుతున్నాయి అంది. ఏడుపొచ్చింది నాకు.

కాన్పు జరిగిన గదిలోనే చూసి, వెంటనే కుడితే చాలామందికి ఇలాగే కుదురుతుంది. తర్వాత ఎప్పుడో కనిపెడితే నాలాగే అవుతుంది. నా వరకు నాకు, ఆ రెండు నిమిషాల పరీక్ష చేయని లేబర్ రూం లేబర్ రూమే కాదు.

ఇక కట్ చేయకుండా కాదా అంటే, బోలెడు కాన్పులు అవుతాయి. తొలిచూలు అనగానే కత్తెర తీయడం మా కాలంలో రూలు. అందరికీ అలవాటుగా కట్ చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. కానీ బిడ్డ గుండె పడిపోతున్నప్పుడు, ఫోర్సెప్స్ పెట్టినప్పుడు, తల వచ్చి భుజాలు ఇరుక్కుని చెయ్యి లోపలికి పెట్టాల్సి వచ్చినప్పుడు కట్ అవసరం పడొచ్చు. తల వస్తున్నప్పుడు గోరువెచ్చని తడిగుడ్డ అదిమి పెట్టడం, నొప్పి మధ్యలో "ముక్కకు, ఊదు" అని తలని నెమ్మదిగా రానివ్వడం పెద్ద చిరుగుల్ని తగ్గిస్తాయి. వీటికి ఓపిక కావాలి, ఓపిక స్టోరుకి రాసే ఏ ఇండెంటులోనూ దొరకదు. కట్ లేకుండా కన్నానని గొప్పలు చెప్పేవాళ్ళని కూడా పట్టించుకోకండి. దానంతటది చిరిగినా, ఉంగరం తెగకపోయినా, కండరం దాకా పోతే రెండో డిగ్రీయే. మామూలు కట్ కూడా లోతులో దాదాపు అంతే.

మీది అదే అయితే, ఆరో రోజుకి కూర్చుంటే నొప్పి ఉండటం మామూలే. రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది. రోజురోజుకీ కొంచెం కొంచెం తగ్గాలి, అదీ గుర్తు. దారం దానంతటదే కరుగుతుంది. పదో రోజు దాటాక చిన్న ముక్కలు ప్యాడ్ మీద కనిపిస్తే కుట్లు ఊడిపోయాయని టెన్షన్ పడకండి. పక్కకి పడుకుని పాలివ్వండి. టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని రోజుకి రెండుసార్లు పది నిమిషాలు కూర్చోండి. ఉత్త నీళ్ళు చాలు, డెట్టాల్ వద్దు, పసుపు ముద్ద వద్దు, నిప్పుల మీద సాంబ్రాణి పొగ అసలే వద్దు. ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మెత్తని గుడ్డతో అద్దుకుని, నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చండి. డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు పాలిచ్చేటప్పుడు పనికొచ్చేవే రాస్తారు, ఓర్చుకుంటూ మానేయకండి.

అసలు శత్రువు మలబద్ధకం. మనిళ్ళలో బాలింతకి నీళ్ళు తక్కువ, ఆకుకూర లేదు, పండు లేదు, పూటపూటా కారప్పొడీ అన్నమూ. ఇంకేముంది, నాలుగో రోజుకి విరేచనం రాయిలా అవుతుంది, ముక్కితే కుట్లు లాగుతాయి, భయపడి ఆపుకుంటే ఇంకా గట్టిపడుతుంది. పథ్యం పేరు చెప్పి నీళ్ళు ఆపే అత్తగార్లతో నేను వార్డులో పోట్లాడేదాన్ని. దాహం తీరా తాగండి, కూరలు, పండ్లు తినండి. విరేచనానికి సిరప్ ఇచ్చి ఉంటే మధ్యలో ఆపొద్దు. కూర్చున్నప్పుడు కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని, శుభ్రమైన ప్యాడ్‌తో కుట్ల దగ్గర మెల్లగా ఒత్తి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది.

నొప్పి ఓర్చుకునేలా ఉంటే ఇప్పటి నుంచే, గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి బిగించి ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఎంతసేపు బిగించారో అంతసేపు వదిలి ఉంచడం కూడా ముఖ్యం. కాపురం సంగతి, గాయం మానాక, మీకు ఇష్టమైనప్పుడే. ఆరు వారాల చెకప్ అయ్యాక అయితే మంచిది.

నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చీము, కుళ్ళు వాసన, జ్వరం వచ్చినా, కుట్లు విడిపోయినా ఆ రోజే వెళ్ళండి. గ్యాస్ గానీ విరేచనం గానీ ఆగకపోయినా, యోని దారిన మలం వచ్చినా "అందరికీ అంతే" అన్న మాట వినకండి. నేను ఎనిమిదేళ్ళు విన్నాను. చివరికి ఆ పెద్ద మేడం దగ్గరే పరీక్ష చేయించుకున్నాను. వ్యాయామాలతో విరేచనం ఆగడం వచ్చింది, గ్యాస్ ఇప్పటికీ సగం నా మాట వినదు. రెండో బిడ్డకి ఆవిడే ఆపరేషన్ చేశారు. ఉన్న ఉంగరాన్ని మళ్ళీ పణం పెట్టొద్దు అన్నారు.

మీ డిశ్చార్జ్ కాగితంలో ఏ డిగ్రీ అని రాశారో చూసి కామెంట్లో పెట్టండి. ఏమీ రాయకపోతే ఫోన్ చేసి అడగండి, అది మీ హక్కు. గ్యాస్ ఆగుతోందా లేదా అన్నది కూడా చెప్పండి. సిగ్గుపడే వయసు నాది కాదు, సిగ్గుపడాల్సిన విషయమూ కాదు.