కదలని సరుకులో ఏది ఆపేయాలి?

"కిరాణా షాపులో 6 లక్షల సరుకుంది, డిస్ట్రిబ్యూటర్‌కి కట్టడానికి చేతిలో డబ్బు లేదు. ఏవి ఆపేయాలి అన్నా?"

తమ్ముడూ, ఒక్కో రకం నిల్వను నెల అమ్మకంతో భాగించు, రెండూ కొన్న ధరలోనే. పెద్ద షాంపూ సీసాలు 24,000వి ఉండి నెలకు 3,000వే పోతుంటే, 8 నెలల డబ్బు అరలో ఇరుక్కున్నట్టే. కొన్న ధర మీద 25 శాతం మిగిలినా నెలకు 750. అదే డబ్బు నూనె ప్యాకెట్లలో నెలకు రెండుసార్లు తిరిగితే, 4 శాతానికే 1,920.

కాబట్టి సీసాలకు కొత్త ఆర్డర్ ఆపు, సాషేలు ఉంచు. ఎక్స్‌పైరీ దగ్గరపడకముందే డిస్ట్రిబ్యూటర్‌ని మార్చి ఇమ్మని అడుగు (గడువు దాటాక చాలామంది మొహం చాటేస్తారు). ఒప్పుకోకపోతే కొన్న ధరకే అమ్మెయ్. అయితే నెల సరుకుల చీటీలో పెద్ద ఖాతాదారు తప్పక రాసే వస్తువైతే మాత్రం రెండు మూడు ఉంచు. అది లేకపోతే చీటీ మొత్తం పక్క షాపుకి పోతుంది.