పదేళ్ల అనుభవానికి ఎన్ని పేజీలు?

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇది మూడో కంపెనీ. టెస్ట్ లీడ్ ఉద్యోగాలకు దరఖాస్తు చేద్దామని చూస్తే రెజ్యూమే నాలుగు పేజీలైంది. ఒక్క పేజీయే ఉండాలని స్నేహితులు అంటున్నారు. ఏం తీసేయాలి?"

రెండు పేజీలు పెట్టుకోండి. ఒక్క పేజీ మాట కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి వర్తిస్తుంది. మీరు అందులో ఇరికించబోతే అక్షరాలు చీమల బారులా తయారవుతాయి, లేదా లీడ్‌గా పనికొస్తారని చూపే విషయాలే ఎగిరిపోతాయి.

ముందుగా రెజ్యూమేను ప్రింటు తీసి, పెన్సిల్ పట్టుకోండి. మూడు ఉద్యోగాల కిందా ఒకేలా ఉన్న వాక్యాలను కొట్టేయండి. 'టెస్ట్ కేసులు రాశాను, బగ్‌లు నమోదు చేశాను' అన్నది మూడు చోట్లా ఉండే ఉంటుంది. పదేళ్లు టెస్టింగ్ చేసినవారికి అది వచ్చని ఎవరైనా అనుకుంటారు. క్లయింటు ఏ వ్యాపారం చేస్తారో వివరించే పేరాలదీ అదే దారి. అవి వాళ్ల గొప్పలు, మీవి కావు. నా దగ్గరకు వచ్చే పొడవాటి రెజ్యూమేలు ఎక్కువగా ఈ రెండింటితోనే ఉబ్బుతాయి.

కెరీర్ లక్ష్యం, పదో తరగతి మార్కులు, తండ్రి పేరు, అభిరుచులు, చివర్లో 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అనే వాక్యం ఆలోచించకుండా తీసేయవచ్చు. డిగ్రీకి ఒక్క వరుస చాలు.

మిగిలిన చోటును సమానంగా పంచకండి. ఇప్పటి ఉద్యోగానికి ఏడెనిమిది వరుసలు, మధ్యదానికి నాలుగు, మొదటిదానికి ఒకటి రెండు. అలాగని మొదటి ఉద్యోగాన్ని పూర్తిగా తీసేయకండి. పదేళ్లు అని పైన రాసి కింద ఏడేళ్లే కనిపిస్తే, మిగతా మూడేళ్లు ఏమయ్యాయని అడుగుతారు. కంపెనీ, హోదా, తేదీలు ఉంటే చాలు.

ఇప్పటి ఉద్యోగం కింద 'రిగ్రెషన్ టెస్టింగ్ బాధ్యతలు నిర్వహించాను' అని ఉందనుకుందాం. దాన్నిబట్టి మీరు ఏం చేశారో తెలియదు. 'నాలుగు రోజులు పట్టే రిగ్రెషన్‌ను ఆటోమేషన్‌తో ఒక రోజుకు తెచ్చాం. ముగ్గురికి పని పంచి, వాళ్ల స్క్రిప్టులను సమీక్షించాను' అంటే లీడ్ పని కళ్లకు కడుతుంది. అంకెలు మాత్రం మీవే అయి ఉండాలి. ఇంటర్వ్యూలో 'నాలుగు రోజులని ఎలా లెక్కేశారు?' అని తప్పక అడుగుతారు.

ఇంత చేశాక కూడా మూడో పేజీలోకి నాలుగు వరుసలు జారితే, అక్షరాల సైజు తగ్గించి సర్దకండి. పాత టూల్స్ జాబితా చూడండి: మళ్లీ వాడమంటే మీరే వెనకాడే టూల్ అక్కడ ఒకటైనా ఉంటుంది.

నాలుగు పేజీల ప్రతిని మాత్రం పారేయకండి. ఆటోమేషన్ కాకుండా పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ అడిగే ఉద్యోగం వస్తే, ఇప్పుడు కొట్టేసిన వరుసల్లో కొన్ని అప్పుడు పైకి రావాలి.