పెనాల్టీ ఏ దశలో ఉందో రాయకపోతే ఆ మినిట్స్ ఎందుకు?

ప్రశ్న: మా ఆఫీసులో నెలనెలా వెండార్‌తో జరిగే సమీక్షకు మినిట్స్ రాసే పని నాకు అప్పగించారు. ఫిర్యాదులు, పెనాల్టీలు, వాళ్ళు చేస్తామన్న పనులు ఎలా రాయాలి? మంచి ఫార్మాట్ ఏదైనా ఉందా?

ఫార్మాట్ వేట మానేయండి. దొరికే ఫార్మాట్లలో సగం పేజీ హాజరైనవారి పేర్లకు, హోదాలకే పోతుంది. అసలు సంగతికి మిగిలేది రెండు గీతలు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి అడ్మిన్ విభాగంలో పనిచేస్తాను. లిఫ్టుల నిర్వహణ కాంట్రాక్టర్‌తో మాకు ప్రతి నెలా సమావేశం ఉంటుంది. ఈ పని నా చేతికి వచ్చేనాటికి పాత మినిట్స్‌లో ఇలా ఉంది: ‘లిఫ్టు ఆగిన విషయమై పెనాల్టీ గురించి చర్చించడమైనది. కాంట్రాక్టర్ సానుకూలంగా స్పందించారు.’ దీన్ని చూసి అకౌంట్స్ వారు బిల్లులో 4,000 రూపాయలు కోసేశారు. కాంట్రాక్టర్ అదే కాగితం పట్టుకొచ్చి, మాఫీ చేస్తామన్నారు కదా అని కూర్చున్నాడు. కాగితం ఇద్దరికీ సాక్ష్యమే!

నేను ఫిర్యాదుల రిజిస్టరు, సెక్యూరిటీ వారి తాళాల పుస్తకం తెప్పించాను. రాత్రి 10.40కి ఫోను చేశారు. గుంటూరు నుంచి టెక్నీషియన్ 12.10కి వచ్చాడు (రెండు ఊళ్ళకూ రాత్రిపూట అతనొక్కడే, అది వేరే గోల). లిఫ్టు మర్నాడు మధ్యాహ్నం 1.10కి నడిచింది. అంటే పద్నాలుగున్నర గంటలు. ఒప్పందం ప్రకారం 6 గంటల్లో బాగుచేయాలి, ఆపైన ప్రతి పూర్తి గంటకూ 500, నెల బిల్లులో పది శాతం గరిష్ఠ పరిమితి. బిల్లు 40,000. అకౌంట్స్ లెక్క సరిగ్గానే ఉంది. కానీ మెషిన్ రూము తాళం మా వాళ్ళు ఇచ్చింది 2.40కి. ఆ రెండున్నర గంటలు మన ఖాతాలోవి. అవి తీసేస్తే 12 గంటలు, అందులో 6 పోతే మిగిలిన ఆరింటికి 3,000. ఈ అంకె విన్నాక కాంట్రాక్టర్ వాదన ఆపేశాడు.

అప్పటినుంచి ప్రతి పెనాల్టీకీ నాలుగు సంగతులు రాస్తున్నాను: ఒప్పందంలో ఏ నిబంధన కింద, గంటల లెక్క ఎలా వచ్చింది, కాంట్రాక్టర్ ఏమన్నాడు, ప్రస్తుతం అది ఏ దశలో ఉంది. దశ అంటే ప్రతిపాదించారా, ఒప్పుకున్నారా, మాఫీ చేశారా, లేక ఎవరి నిర్ణయం కోసమైనా ఆగిందా. మాఫీ అయితే చేసినవారి పేరు ఉండాలి. ఆగితే ఏ తేదీలోగా ఎవరు తేలుస్తారో ఉండాలి. నష్టం కూడా ఒక వాక్యంలో రాయండి. మాకు ఆ రాత్రి రోగులను మెట్ల మీదుగా మోయాల్సి వచ్చింది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. రేపు వివాదం పెద్దదైతే ఆ వాక్యం పనికొస్తుంది.

ఇక దిద్దుబాటు పనుల దగ్గరే అందరూ బద్ధకిస్తారు. ‘సేవలు మెరుగుపరుస్తామని హామీ ఇచ్చారు’ అనే వాక్యం గత నెలది ఈ నెలకు, ఈ నెలది వచ్చే నెలకు కాపీ అవుతుంటుంది. మా రిజిస్టరును అంతస్తులవారీగా విడదీసి చూస్తే ఫిర్యాదుల్లో ఎక్కువ కింది అంతస్తు తలుపువే. తలుపు తాళంలోని కాంటాక్టు సరిగా కలవకపోతే లిఫ్టు కదలదు. టెక్నీషియన్ వచ్చి దాన్ని శుభ్రం చేసి వెళ్ళేవాడు, ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ అని మూసేసేవారు, కొన్నాళ్ళకు మళ్ళీ అదే. అది మరమ్మతే కానీ దిద్దుబాటు కాదు. అసలు కారణం మా స్ట్రెచర్లు. అవి తగిలి తలుపు పక్కకు జరుగుతోంది.

అందుకని రెండు పనులు రాశాను. కాంటాక్టు, తలుపు రోలర్లు మార్చి, ఒక సెట్టు మా స్టోరులో ఉంచడం కాంట్రాక్టర్ సూపర్‌వైజరు పని; రుజువు స్టోరు రసీదు. స్ట్రెచర్లకు రబ్బరు బంపర్లు వేయించడం మా మెయింటెనెన్స్ ఇన్‌చార్జి పని. మన పని రాశానని మా మేనేజరు మొహం చిట్లించారు. రాయకపోతే వచ్చే నెల కాంట్రాక్టర్ నోట అదే మాట వచ్చేది. రెండు వరుస సమీక్షల్లో అదే తలుపు మీద ఫిర్యాదు రాకపోతేనే ఆ అంశం మూసేస్తాను.

మినిట్స్ మర్నాడే పంపండి, వారం ఆగితే ఎవరి జ్ఞాపకం వారిది. సంతకం పెట్టనంటే బతిమాలవద్దు. అతని అభ్యంతరాన్ని అతని మాటల్లోనే ఆ అంశం కింద రాసి, దానికి సంతకం అడగండి. తన మాట కాగితం మీద కనిపిస్తే ఎవరైనా పెడతారు.