ఖాళీలు పూరించండి: ఒకే ఖాళీకి నాలుగు జవాబులు సరిపోతే?

ప్రశ్న: వారాంతపు తెలుగు క్లాసుకి ఖాళీలు పూరించే ప్రశ్నలు రాస్తున్నాను. నేను ఒక మాట అనుకుంటే పిల్లలు ఇంకోటి రాస్తున్నారు, అదీ తప్పు కాదు. మార్కులు ఎలా వేయాలి? ప్రశ్నలు ఎలా రాయాలి?

జవాబు: నేను అమెరికాలో శనివారం తెలుగు క్లాసు చెబుతాను. మీరు చెప్పిన దాంట్లో నిజానికి రెండు వేరు వేరు సమస్యలున్నాయి. వాక్యం వదులుగా ఉండి వేరే అర్థాలు కూడా పట్టడం ఒకటి. ఒకే అర్థానికి నిజంగానే రెండు మూడు మాటలు ఉండడం ఇంకొకటి. మొదటిదానికి ప్రశ్న తిరగరాయాలి. రెండోదానికి ప్రశ్నను ముట్టుకోనక్కర్లేదు, జవాబుల పట్టిక పెంచితే చాలు.

మా క్లాసులో 'కాచింది' అనే మాట రాబట్టాలనుకున్నాం అనుకోండి. "అమ్మ పాలు ____." అని ఇస్తే తాగింది, పోసింది, తెచ్చింది, కాచింది అన్నీ సరే. ఇది వదులు వాక్యం. బిగిద్దామని "పచ్చి పాలు తాగకూడదని అమ్మ వాటిని స్టవ్ మీద పొంగు వచ్చేదాకా ____." అని రాస్తే తాగింది, తెచ్చింది పోతాయి. కానీ కొత్తగా ఉంచింది, పెట్టింది వచ్చి చేరతాయి. వాటిని లోపలికి రానిచ్చింది 'స్టవ్ మీద' అన్న మాటే. అది తీసేసి "అమ్మ వాటిని పొంగు వచ్చేదాకా ____." అంటే అవీ పోతాయి. ఆధారం ఎక్కువ ఇస్తే జవాబు ఎప్పుడూ ఇరుకవుతుందని లేదు. స్థలం చెప్పే ఆధారం కంటే ఫలితం చెప్పే ఆధారం బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు మిగిలినవి కాచింది, మరిగించింది, వేడిచేసింది, కాగబెట్టింది. ఇక్కడ వాక్యాన్ని ఇంకా పిండడం దండగ. ఇవి దాదాపు ఒకే పని చెప్పే మాటలు. మీకు 'కాచింది' మాత్రమే కావాలంటే గీత బదులు మూడు గళ్ళు ఇవ్వండి: □□□. మిగతావన్నీ ఐదేసి అక్షరాలు, కాబట్టి పట్టవు. అయితే ఒత్తులతో సహా 'ట్టిం' ఒకే అక్షరమని పిల్లలకి ముందే చెప్పాలి. లేకపోతే ఆ గళ్ళే వాళ్ళకి టెన్షన్. మొదటి అక్షరం ఇవ్వడం నాకంత నచ్చదు. ఇక్కడ 'కా' ఇస్తే కాగబెట్టింది కూడా మొదలవుతుంది కదా!

ఇక ఇంటి మాటల సంగతి. "____ కోస్తుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి." దీనికి కోస్తా ఇంటి పిల్ల ఉల్లిపాయ రాస్తుంది, తెలంగాణ ఇంటి పిల్లాడు ఉల్లిగడ్డ రాస్తాడు, సీమ వైపు నుంచి వచ్చినవాడు ఎర్రగడ్డ అంటాడు. ముగ్గురికీ పూర్తి మార్కులే. పాఠంలో ఉల్లిపాయ అని ఉంది కదా అని మిగతా ఇద్దరికీ సున్నా వేస్తే, వాళ్ళింట్లో మాట్లాడే తెలుగు తప్పని చెప్పినట్టే. ఎల్లిగడ్డ అని రాస్తే మాత్రం ఆగి అడగండి. అది వెల్లుల్లి. ఒక్క అక్షరం తేడాతో వస్తువే మారిపోయింది. రాయడంలో పొరపాటా, మాటే తెలియదా అన్నది పిల్లాణ్ణి అడిగితే తప్ప తేలదు.

పైన మాటల పట్టిక ఇచ్చి అందులోంచి ఎంచుకోమనొచ్చు. అలా అయితే ఐదు ఖాళీలకి ఐదు మాటలు ఇవ్వకండి. చివరిది ఊరికే వచ్చేస్తుంది, ఒకటి తప్పితే ఇంకోటి దానంతటదే తప్పుతుంది. ఏడు ఇవ్వండి. అన్ని క్రియలూ ఒకే రూపంలో ఉండాలి. 'తాతయ్య' పక్కన ఖాళీ పెట్టి పట్టికలో 'డు'తో ముగిసే మాట ఒక్కటే ఉంచితే, అర్థం తెలియకపోయినా పెట్టేస్తారు. తర్వాత ప్రతి మాటనూ ప్రతి ఖాళీలో పెట్టి చదవండి. విసుగు పనే, కానీ రెండుచోట్ల పట్టే మాట అక్కడే దొరికిపోతుంది.

విభక్తిని గీత బయట అచ్చేయడం కూడా మానండి. "____కి వెళ్ళాం" అంటే ఇల్లు అన్న మాట తెలిసిన పిల్ల కూడా 'ఇల్లుకి' అని రాస్తుంది. అప్పుడు మీరు పరీక్షిస్తున్నది పదజాలం కాదు, 'ఇంటి' అనే రూపం. అదే కావాలంటే సరే, కానీ దానికి మార్కు విడిగా వేయండి.

పేపర్ సిద్ధమయ్యాక జవాబులు చూపకుండా ఇద్దరు పెద్దవాళ్ళ చేత పూరింపజేయండి, వీలైతే వేరే వేరే ప్రాంతాల వాళ్ళ చేత. నేను తల్లిదండ్రుల్లోనే ఎవరినైనా పట్టుకుంటాను. వాళ్ళు రాసిన కొత్త మాట అర్థం వేరైతే వాక్యం మార్చాలి, అర్థం అదే అయితే జవాబుల్లో చేర్చాలి. పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు కొత్తగా కనిపించినవీ అంతే. వాటిని రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాదికి పట్టిక తయారుగా ఉంటుంది.

గూగుల్ ఫామ్స్‌లో క్విజ్ పెడితే ఒక్కో ప్రశ్నకి ఎన్ని సరైన జవాబులైనా చేర్చుకోవచ్చు. తెలుగులో 'పెళ్లి', 'పెళ్ళి' రెండూ వాడుకలో ఉన్నవే, కానీ దానికి అవి వేరు వేరు మాటలు. రెండూ టైప్ చేసి పెట్టండి.