టెక్ సందేహాలు: పాత టోపోషీటు ఉపగ్రహ చిత్రం మీద ఎందుకు సరిగ్గా కూర్చోదు?

సందేహం: హైదరాబాద్ పాత చెరువుల మీద పరిశోధన చేస్తున్నాను. 56K/7 టోపోషీటును స్కాన్ చేసి, దాని మీద అచ్చయిన అక్షాంశ రేఖాంశాలతోనే క్యూజీఐఎస్‌లో జియోరిఫరెన్స్ చేశాను. ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూస్తే చార్మినార్, హుస్సేన్ సాగర్ గట్టు, అన్నీ 180 మీటర్లకు పైగా ఆగ్నేయానికి జరిగి ఉన్నాయి. చేత్తో లాగి సరిపెట్టేయవచ్చా? గ్రిడ్ షిఫ్ట్ ఫైలు కావాలని స్నేహితురాలు అంటోంది, అది ఎక్కడ దొరుకుతుంది?
(పరిశోధక విద్యార్థిని, తార్నాక)

సమాధానం: చేత్తో లాగకండి, గ్రిడ్ ఫైలు కోసం వెతకకండి. మీరు గుర్తించిన బిందువుల్లో తప్పు లేదు. ఆ అంకెలు ఏ డేటంకు, అంటే భూమి ఆకారాన్నీ కొలతల మూలాన్నీ నిర్ణయించే ఏ చట్రానికి, చెందినవో సాఫ్ట్‌వేర్‌కు చెప్పడంలోనే పొరపాటు జరిగింది. మీ షీటు మీద అచ్చయిన 17°30′, 78°30′ వంటి అంకెలు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ అనే, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్లుండే గోళాకారం మీద, మధ్యప్రదేశ్‌లోని కళ్యాణ్‌పూర్ మూలబిందువుగా లెక్కించినవి. ఉపగ్రహ చిత్రం, మీ ఫోనులోని జీపీఎస్ మాత్రం డబ్ల్యూజీఎస్ 84 డేటంలో ఉంటాయి. 1818లో భారత త్రిభుజీకరణ సర్వే నడిపిన లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాద్ వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ పేరే ఈ ఎలిప్సాయిడ్‌కు వచ్చింది. ఉపగ్రహాలు లేని ఆ కాలంలో భూమి కేంద్రం ఎక్కడుందో కొలిచే మార్గం లేదు కనుక, భారత ఉపఖండపు నేలకు బాగా అతికే ఆకారాన్ని ఎంచుకున్నారు. అందువల్ల దాని కేంద్రం భూమి కేంద్రానికి కొన్ని వందల మీటర్ల దూరంలో పడింది, దాని అర్ధ ప్రధానాక్షం కూడా డబ్ల్యూజీఎస్ 84 కంటే 838 మీటర్లు తక్కువ.

ఈ రెండు తేడాలనూ కలిపి సరిచేసేదే హెల్మెర్ట్ పరివర్తన. ముందుగా అక్షాంశ రేఖాంశాలను ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ కొలతలతో దాని కేంద్రం నుంచి కొలిచిన X, Y, Z మీటర్లుగా మార్చాలి. వాటికి కేంద్రాల మధ్య తేడాను కలపాలి. వచ్చిన X, Y, Z విలువలను డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ మీద తిరిగి అక్షాంశ రేఖాంశాలుగా మార్చాలి. భారతదేశం, నేపాల్ మొత్తానికి కలిపి ప్రచురితమైన తేడాలు 295, 736, 257 మీటర్లు. పూర్తి హెల్మెర్ట్‌లో వీటితోపాటు మూడు భ్రమణాలు, ఒక స్కేలు కూడా ఉంటాయి. ఇక్కడ అవన్నీ సున్నా. మీ షీటు ఈశాన్య మూల, అంటే 17°30′ ఉత్తరం, 78°30′ తూర్పు, కోఆర్డినేట్లను మార్చే ప్రోజ్ అనే సాఫ్ట్‌వేర్ ఆదేశంలో ఇలా వెళుతుంది (రేఖాంశం ముందు రాయాలి):

```
echo 78.5 17.5 0 0 | cct -d 4 +proj=pipeline \
 +step +proj=unitconvert +xy_in=deg +xy_out=rad \
 +step +proj=cart +a=6377299.151 +rf=300.8017255 \
 +step +proj=helmert +x=295 +y=736 +z=257 \
 +step +inv +proj=cart +ellps=WGS84 \
 +step +proj=unitconvert +xy_in=rad +xy_out=deg
```

ఫలితంగా రేఖాంశం 78.4987, అక్షాంశం 17.5010 వస్తాయి. సెకన్లలో చూస్తే అక్షాంశం దాదాపు 3.8 సెకన్లు పెరిగింది, రేఖాంశం దాదాపు 4.8 సెకన్లు తగ్గింది. నేల మీద దీని అర్థం ఆ మూల నిజంగా 116 మీటర్లు ఉత్తరానా, 142 మీటర్లు పడమరనా ఉందని. రెండూ కలిపితే 183 మీటర్లు. 1:50,000 కాగితం మీద ఇది మూడున్నర మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. మీరు ఈ మార్పు చేయలేదు కనుక పటం మొత్తం దీనికి ఎదురు దిశలో, అంటే ఆగ్నేయానికి, అంతే దూరం జరిగి కనిపిస్తోంది. మీరు చూసిన దిశ, దూరం రెండూ లెక్కతో సరిపోయాయి కాబట్టి కారణం డేటమే తప్ప స్కానింగ్ కాదని నమ్మవచ్చు.

ఇక్కడే ఒక పరీక్ష గుర్తుంచుకోండి. మార్పు చేశాక తేడా తగ్గకుండా దాదాపు 285 మీటర్లకు పెరిగితే, 295, 736, 257లను కలపాల్సిన చోట తీసివేశారన్నమాట. తేడా ఏమీ మారకపోతే సాఫ్ట్‌వేర్ పరివర్తన అసలు చేయలేదు. ప్రోజ్‌కు రెండు డేటంల మధ్య తగిన పరివర్తన దొరకనప్పుడు ‘బాల్‌పార్క్’ అనే దారి పట్టి, డేటం తేడాను లెక్కలోకి తీసుకోకుండానే అంకెలను దాటించగలదు. క్యూజీఐఎస్‌లో పరివర్తన ఎంచుకునే పెట్టెలో ఆ మాట కనిపిస్తే దాన్ని అంగీకరించకండి.

క్యూజీఐఎస్‌లో పని తేలికే. జియోరిఫరెన్సర్‌లో బిందువుల కోఆర్డినేట్లను షీటు మీద ఉన్నవి ఉన్నట్లే ఇచ్చి, లక్ష్య సీఆర్‌ఎస్‌గా, అంటే ఆ అంకెలు చెందిన కోఆర్డినేట్ల విధానంగా, మాత్రం EPSG:4326 బదులు EPSG:4146, అంటే కళ్యాణ్‌పూర్ 1975, ఎంచుకోండి. నాలుగు మూలలతో సరిపెట్టకుండా షీటు మీద అయిదేసి నిమిషాలకు వచ్చే గీతల కూడళ్లు పదహారింటినీ గుర్తించండి. కాగితం సాగడం, ముడతలు అప్పుడే బయటపడతాయి. కళ్యాణ్‌పూర్ పేరుతో 1937 డేటం కూడా జాబితాలో ఉంటుంది. దాని ఎలిప్సాయిడ్ అర్ధ ప్రధానాక్షం 6377276.345 మీటర్లు, అంటే 1975 దాని కంటే దాదాపు 23 మీటర్లు ఎక్కువ. అక్షాంశ రేఖాంశాలతో పని చేస్తున్నప్పుడు ఈ తేడా కొన్ని సెంటీమీటర్లే కనిపిస్తుంది, కానీ యూటీఎం మీటర్లలోకి మారిస్తే ఉత్తర దిశలో దాదాపు 7 మీటర్ల దోషంగా బయటపడుతుంది.

ఇంత చేశాక కూడా అయిదు నుంచి ఇరవై మీటర్ల దాకా మిగిలితే ఆశ్చర్యపోకండి. ఆ మూడు అంకెలు దేశం మొత్తానికి సగటు. వాటి ప్రచురిత అనిశ్చితే X, Y, Zలలో వరుసగా 12, 10, 15 మీటర్లు. దీన్ని హైదరాబాద్‌కు తగ్గట్టు మీరే సరిచేసుకోవచ్చు. పటం గీసిన నాటి నుంచి కదలని కట్టడాలు మీ షీటులో పుష్కలంగా ఉన్నాయి: చార్మినార్, గోల్కొండ బాలాహిస్సార్, గండిపేట ఆనకట్ట చివర, హిమాయత్ సాగర్ ఆనకట్ట చివర, హుస్సేన్ సాగర్ గట్టు వంపు. చెరువు నీటి అంచును మాత్రం తీసుకోవద్దు, అది ఏడాదిలో ఏ నెలలో సర్వే చేశారన్న దాన్ని బట్టి మారిపోతుంది. ప్రతి చోటా పటం ఎంత తూర్పుకు, ఎంత ఉత్తరానికి జరగాలో కొలిచి సగటు తీయండి. ఉదాహరణకు సగటున 8 మీటర్లు తూర్పుకు, 5 మీటర్లు దక్షిణానికి జరగాలని తేలిందనుకుందాం. తూర్పు జరుపును e, ఉత్తర జరుపును n అంటే, మూడు అంకెలకు కలపాల్సినవి ఇవి:

```
dX = -e*sin(lon) - n*sin(lat)*cos(lon)
dY =  e*cos(lon) - n*sin(lat)*sin(lon)
dZ =  n*cos(lat)
```

e = 8, n = -5 పెట్టి, అక్షాంశం 17.4, రేఖాంశం 78.4 డిగ్రీల దగ్గర లెక్కిస్తే -7.5, +3.1, -4.8 వస్తాయి. కనుక కొత్త అంకెలు 287.5, 739.1, 252.2. వీటిని క్యూజీఐఎస్‌లో కస్టమ్ సీఆర్‌ఎస్‌గా రాసుకుని షీటుకు కేటాయించండి:

```
+proj=longlat +a=6377299.151 +rf=300.8017255 +towgs84=287.5,739.1,252.2 +no_defs
```

ఈ అంకెలు మీ షీటుకూ దాని పొరుగు షీట్లకూ పనికొస్తాయి, ఆదిలాబాద్ షీటుకు వాడకండి. వీటితో వచ్చే ఎత్తును కూడా నమ్మకండి, ఎందుకంటే మనం ఎత్తును సరిచేయనే లేదు. చేత్తో లాగవద్దన్నది కూడా ఇందుకే: లాగిన రాస్టర్ ఎంత జరిగిందో ఎక్కడా నమోదు కాదు, పక్క షీటును మళ్లీ కంటితో లాగాలి, అప్పుడు రెండు షీట్ల అంచులో చెరువు రెండు ముక్కలవుతుంది.

అయిదారు బిందువులు చేతిలో ఉన్నాయి కదా అని ఏడు పారామీటర్లనూ లెక్కకట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నా సలహా, చేయకండి. మీ షీటు వెడల్పు 26 కిలోమీటర్లు, భూమి వ్యాసార్ధం 6,370 కిలోమీటర్లు. ఇంత చిన్న ముక్కలో ఒక సెకను భ్రమణానికీ 31 మీటర్ల జరుపుకూ తేడా దాదాపు తెలియదు. కొలతల్లోని చిన్న దోషాలను సర్దడానికి సాఫ్ట్‌వేర్ పెద్ద భ్రమణం వేసి, దాన్ని రద్దు చేయడానికి వందల మీటర్ల జరుపు వేస్తుంది. షీటు లోపల శేషాలు చక్కగా చిన్నవై కనిపిస్తాయి, షీటు దాటగానే దోషం పెరుగుతూ పోతుంది. ఫలితంలో భ్రమణాలు పదుల సెకన్లలో, X జరుపు 295కు ఎంతో దూరంగా ఉంటే జరిగింది ఇదే.

ఇక గ్రిడ్ షిఫ్ట్ ఫైలు. హెల్మెర్ట్ రెండు ఎలిప్సాయిడ్లను గట్టి వస్తువుల్లా జరుపుతుంది, తిప్పుతుంది, పెంచుతుంది. పాత త్రిభుజీకరణలో ఒక్కో ప్రాంతంలో పేరుకున్న వంకరలను అది పట్టుకోలేదు. గ్రిడ్ ఫైలులో క్రమమైన దూరాల్లో ఉన్న ప్రతి కూడలి దగ్గర అక్షాంశం ఎంత, రేఖాంశం ఎంత మారాలో రాసి ఉంటుంది. మీ బిందువు చుట్టూ ఉన్న నాలుగు కూడళ్ల విలువలను దూరాన్ని బట్టి కలిపి సాఫ్ట్‌వేర్ జరుపును తెలుసుకుంటుంది. బ్రిటన్‌లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది: వారి పాత డేటంకు ఏడు పారామీటర్ల హెల్మెర్ట్‌తో 5 మీటర్ల దాకా దోషం రావచ్చు, ఓఎస్‌టీఎన్15 గ్రిడ్‌తో అది పది సెంటీమీటర్ల స్థాయికి దిగుతుంది. ఆ ఖచ్చితత్వం వెనుక దేశమంతటా రెండు డేటంలలోనూ కొలిచిన సర్వే స్తంభాలు ఉన్నాయి. భారత ఎవరెస్ట్ డేటంకు అటువంటి ఫైలు ప్రోజ్ పంచే గ్రిడ్ల సమూహంలో లేదు. ఒకవేళ ఉన్నా మీ పనికి అది అదనం: 1:50,000 పటంలో అర మిల్లీమీటరు గీత మందమే 25 మీటర్లు, చార్మినార్ భుజం మొత్తం కాగితం మీద 0.4 మిల్లీమీటర్లు. ఏ దేశానిదో `.gsb` ఫైలు దించుకుని పేరు మార్చి పెట్టడం మాత్రం వద్దు. మన అక్షాంశ రేఖాంశాలు దాని పరిధిలో ఉండవు.

సందేహం: కాంట్రాక్టరు ఏడు పారామీటర్లు ఇచ్చాడు. వాటితో మార్చిన బిందువులు జీపీఎస్‌తో కొలిచిన వాటికి పదుల మీటర్ల దూరంలో పడుతున్నాయి. జరుపుల గుర్తులు అన్నీ సరిచూశాను.
(సర్వే ఉద్యోగి, ఉప్పల్)

సమాధానం: జరుపుల గుర్తులు కాదు, భ్రమణాల గుర్తులు చూడండి. ఏడు పారామీటర్లకు రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి బిందువును తిప్పుతుంది, రెండోది అక్షాలను తిప్పుతుంది. అవే మూడు భ్రమణాలు ఒక దానిలో ధనమైతే మరొక దానిలో ఋణం. తప్పు సంప్రదాయంలో వాడితే ఒక్క సెకను భ్రమణానికే దాదాపు 62 మీటర్ల దాకా దోషం రావచ్చు, ఎందుకంటే భ్రమణం రద్దు కావడమే కాక ఎదురు దిశలో మరోసారి పడుతుంది. ప్రోజ్‌లో భ్రమణాలున్న `+proj=helmert`కు `+convention=position_vector` లేదా `+convention=coordinate_frame` అని తప్పక చెప్పాలి, చెప్పకపోతే అది పని చేయడానికి నిరాకరిస్తుంది. `+towgs84` మాత్రం అడగకుండానే మొదటిదాన్ని అనుకుంటుంది. రెండు డేటంలలోనూ విలువలు తెలిసిన ఒక స్తంభాన్ని తీసుకుని రెండు విధాలా లెక్కించండి. ఒకటి పదుల మీటర్లు తప్పి, మరొకటి దగ్గరగా పడితే సంప్రదాయం తేలిపోయినట్లే. రెండూ తప్పితే, ఆ పారామీటర్లను ఏ ఎలిప్సాయిడ్ కొలతలతో లెక్కించాడో, ఏ దిశలో ఇచ్చాడో కాంట్రాక్టరును లిఖితపూర్వకంగా అడగండి.