7.20 లక్షల ఆఫర్‌లో చేతికొచ్చేది ఎంత?

ప్రశ్న: భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు 36,000 చేతికొస్తుంది. సొంత ఇల్లు. హైదరాబాద్ కంపెనీ ఒకటి 7.20 లక్షల సీటీసీ ఇస్తామంటోంది. అంటే నెలకు 60,000 కదండీ? ఒప్పుకోమంటారా?

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. సీటీసీ అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. నెలనెలా మీ ఖాతాలో పడేది అందులో ఒక భాగమే. ఆఫర్‌లో ఏది ఎంతో మీరు రాయలేదు కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం.

పనితీరును, కంపెనీ లాభాలను బట్టి ఇచ్చే వేరియబుల్ పే 15 శాతం అనుకుంటే 1,08,000 పక్కకు పోతుంది. బేసిక్ నెలకు 25,000 అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం చొప్పున ఏడాదికి 36,000. గ్రాట్యుటీకి బేసిక్‌లో 4.81 శాతం, అంటే 14,430. ఆరోగ్య బీమా ప్రీమియం 9,570 అనుకుందాం. ఈ మూడూ కలిపి 60,000. ఇవన్నీ పోగా మిగిలే ఫిక్స్‌డ్ పే 5,52,000, అంటే నెలకు 46,000. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికి 42,800 వస్తుంది. కొత్త విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు.

పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు. గ్రాట్యుటీ మాత్రం సాధారణంగా ఐదేళ్లు పని చేసినవారికే అందుతుంది. రెండేళ్లలో మారే ఆలోచన ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరియబుల్. చెరువు పట్టుబడి రోజున ఏ కౌంటుకు ఏ రేటు పలుకుతుందో తెలియకుండా ఆ డబ్బును ముందే ఖర్చు పెట్టుకోలేం కదా, ఇదీ అంతే. మీరు బాగా పని చేసినా కంపెనీ లాభాలు తగ్గితే కోత పడవచ్చు. చాలాచోట్ల చెల్లించే తేదీనాటికి ఉద్యోగంలో ఉండాలనే షరతు ఉంటుంది. మార్చిదాకా కష్టపడి, జూన్‌లో చెల్లింపుకు ముందే రాజీనామా చేస్తే ఏమీ రాకపోవచ్చు. ఏడాది మధ్యలో చేరినవారికి పని చేసిన నెలల మేరకే లెక్కగడతారు.

రిక్రూటర్‌కు ఫోనులో కాకుండా మెయిల్‌లో ఇలా రాయండి:

"ఆఫర్‌కు ధన్యవాదాలు. నిర్ణయం తీసుకునే ముందు జీతం వివరాల పట్టిక పంపగలరా? నెలవారీ ఫిక్స్‌డ్, పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా విడివిడిగా కావాలి. వేరియబుల్ దేన్నిబట్టి, ఎప్పుడు ఇస్తారు? గత రెండేళ్లలో ఇదే స్థాయి ఉద్యోగులకు సగటున ఎంత శాతం అందింది? జాయినింగ్ బోనస్ సీటీసీలో కలిసి ఉందా? ముందే మానేస్తే తిరిగి కట్టాలా?"

ఇలా అడిగినంత మాత్రాన ఆఫర్ పోదు. రిక్రూటర్లకు ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. గత చెల్లింపుల గురించి జవాబు దాటవేస్తే వేరియబుల్‌ను సున్నాగా లెక్కించండి.

ఈ ఉదాహరణ ప్రకారం మీకు పెరిగేది నెలకు 6,800. హైదరాబాద్‌లో అద్దె, భోజనం, ఊరికి రాకపోకలు దానికి మించిపోతాయి. కాబట్టి మొత్తం సీటీసీ పెంచమనకుండా, వేరియబుల్‌లో సగాన్ని ఫిక్స్‌డ్‌లోకి మార్చమని అడగండి. ఒప్పుకుంటే నెలకు సుమారు 4,500 కలుస్తుంది. సవరించిన ఆఫర్ లెటర్ చేతికి వచ్చేవరకు ఇక్కడ రాజీనామా ఇవ్వకండి.