జీతం ఎగ్గొట్టిన కాంట్రాక్టరు, చేతిలో మూడు కొత్త ఉద్యోగాలు: ముందు చూడవలసింది ఏ కాగితం?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది అనంతపురం. సివిల్ ఇంజినీరింగ్ చదివాను. 2022 మే నుంచి ఉరవకొండ దగ్గర ప్రభుత్వ కాలువ పనిలో ఒక సబ్ కాంట్రాక్టరు కింద నెలకు 28,000 రూపాయలకు సైట్ ఇంజినీరుగా చేశాను. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు, జీతం బ్యాంకులో వేసేవారు. 2023 మార్చి నుంచి అక్టోబరు దాకా ‘బిల్లు పడగానే ఇస్తా’ అంటూ ఎనిమిది నెలలు తిప్పించారు. మానేశాక, 2024 జనవరిలో 20,000 పంపి ఊరుకున్నారు. నాన్న అప్పు తెచ్చి ఇల్లు నడిపారు. ఇప్పుడు 2026 ఫిబ్రవరి, ఇంకా తిరుగుతూనే ఉన్నాను. వాళ్ల ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ పరికరం, కొలతలు రాసిన లెవెల్ బుక్కులు నా దగ్గరే ఉన్నాయి. డబ్బిచ్చేదాకా ఇవ్వొద్దని స్నేహితులు అంటున్నారు. కొత్తగా మూడు అవకాశాలు వచ్చాయి: కడపలో ఒక సబ్ కాంట్రాక్టరు 45,000, ఒక పెద్ద కాంట్రాక్టు సంస్థ సైట్‌లో 35,000, కర్నూలు డిజైన్ ఆఫీసులో ‘కన్సల్టెంట్’గా 22,000. ఏది జీతం సక్రమంగా ఇస్తుంది, ఎక్కడ పని నేర్చుకోగలను? పాత డబ్బు వస్తుందా?

జవాబు: మీ పాత బకాయికీ, మీరు ఎంచుకోబోయే ఉద్యోగానికీ తేల్చవలసిన అంశం ఒక్కటే. మీరు ఫలానా వారి ఉద్యోగి అని, ఫలానా నెలలో పని చేశారని మూడో మనిషి చేతిలో ఉన్న కాగితం చెప్పగలదా? మీ ఇంటి పరిస్థితి గురించి రాసినదంతా చదివాను. కానీ కోర్టు చూసేది ఈ అంశాన్ని, దానితో పాటు గడువును. అందుకే ముందు గడువు సంగతి చెబుతాను.

జీతం బకాయి కోసం సివిల్ దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టంలోని 7వ అధికరణం మూడేళ్లు ఇచ్చింది. ఆ మూడేళ్లు మీరు ఉద్యోగం మానిన రోజు నుంచి మొదలుకావు, ఏ నెల జీతానికి ఆ నెల లెక్క విడిగా నడుస్తుంది. 2023 మార్చి జీతం ఆ నెలాఖరుకు మీకు రావలసినదైంది కాబట్టి, ఎక్కువ జాగ్రత్తగా లెక్కిస్తే, దానికి గడువు 2026 మార్చి 31తో ముగుస్తుంది. ఆ తర్వాత ఏప్రిల్ నెల జీతం, ఆపై మే నెలది, ఇలా ఒక్కో నెల కరిగిపోతూ అక్టోబరు చివరికి మీ చేతిలో ఏమీ మిగలదు. రెండేళ్లకు పైగా ఫోన్లు చేస్తూ, ఇంటి చుట్టూ తిరుగుతూ గడిపారు గానీ, ఒక్క రోజు కూర్చుని ఈ లెక్క వేసుకోలేదు. కొలతల లెక్కలో సెంటీమీటరు తేడా వస్తే ఒప్పుకోని వృత్తిలో ఉన్న మీరు, సొంత జీతం దగ్గర ఇంత అజాగ్రత్తగా ఉండడం సరికాదు.

వచ్చిన 20,000ను ఏ నెలకు జమ కట్టుకోవాలో కాంట్రాక్టరు చెప్పలేదు కాబట్టి, కాంట్రాక్టు చట్టం ప్రకారం దాన్ని అన్నిటికంటే పాత నెలకు సర్దుకోవచ్చు. అప్పుడు మార్చి నెలకు 8,000, మిగిలిన ఏడు నెలలకు 1,96,000, మొత్తం 2,04,000 రావాలి. ఆ చెల్లింపుతో గడువు పొడిగిందని మాత్రం అనుకోకండి. కొంత సొమ్ము చెల్లించినందువల్ల కొత్త గడువు మొదలవాలంటే, చెల్లించిన సంగతి చెల్లించినవారి చేతిరాతలోనో, వారి సంతకంతోనో కాగితం మీద ఉండాలని కాలపరిమితి చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. ఫోన్‌లో చూపే చెల్లింపు రసీదు ఆ షరతును తీరుస్తుందా లేదా అన్న వాదనలో మీరు ఇరుక్కోవడం అనవసరం. ‘బిల్లు పడగానే ఇస్తా’ అని నోటితో చెప్పిన మాటకు ఆ విలువ కూడా లేదు. లాయర్ నోటీసు పంపినా, లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టినా గడువు ఆగదు. ఆ రెండూ చేయండి, అయితే వాటి ఫలితం కోసం ఎదురుచూస్తూ మార్చి 31 దాటనివ్వకండి. గడువు లోపల కాంట్రాక్టరు బకాయిని ఒప్పుకుంటూ సంతకం చేసిన లేఖ ఇస్తే మాత్రం, సంతకం చేసిన తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి.

ఇక రుజువు. మీ దగ్గర అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోయినా, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా నెలనెలా 28,000 జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. మీరు ఎవరి మనిషో, నెలకు ఎంతో ఆ స్టేట్‌మెంట్ చెబుతుంది. జీతం ఆగిపోయిన ఎనిమిది నెలల్లో మీరు నిజంగా సైట్‌లో ఉన్నారా అన్నదే ఎదుటివారు పట్టుకునే చోటు. ‘ఫిబ్రవరిలోనే మానేశాడు’ అని వారు ఒక్క మాట అంటే ఏం చూపిస్తారు?

మీరు చూపగలిగినది ఆ కాలువ పని చూసే ప్రభుత్వ శాఖ డివిజన్ కార్యాలయంలో ఉంది. ప్రభుత్వ పనిలో కాంక్రీటు వేసిన ప్రతిసారీ ఒక పోర్ కార్డు రాస్తారు. అందులో తేదీ, కట్టడం పేరు, కాంక్రీటు గ్రేడు ఎం-20నా ఎం-25నా అన్నది, కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే స్లంప్ ఎంత, పరీక్షకు ఎన్ని క్యూబులు, అంటే నమూనా దిమ్మెలు, తీశారు అన్నవి ఉంటాయి. కింద కాంట్రాక్టరు తరఫు ఇంజినీరు సంతకం, దాని పక్కన శాఖ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు సంతకం ఉంటాయి. ఏడు రోజులకు, ఇరవై ఎనిమిది రోజులకు క్యూబులు పరీక్షించిన రిజిస్టరులో కూడా మళ్లీ ఇరువైపుల సంతకాలు పడతాయి. ఆ రోజు ఆ కట్టడం దగ్గర మీరు నిలబడి కాంక్రీటు వేయించారని, మీకు బంధువూ స్నేహితుడూ కాని ఒక ప్రభుత్వ ఉద్యోగి సంతకం పెట్టిన కాగితానికి మించిన సాక్ష్యం మీ కేసులో లేదు. సమాచార హక్కు చట్టం కింద ఆ డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ‘నా పనికి సంబంధించిన వివరాలన్నీ’ అని రాస్తే తిప్పి పంపుతారు. ప్యాకేజీ పేరు, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, 2023 మార్చి–అక్టోబరు మధ్య పోర్ కార్డులు, క్యూబు పరీక్ష రిజిస్టరు ధ్రువీకరించిన నకళ్లు కావాలని స్పష్టంగా అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంది. నకళ్లు ఆలస్యమైనా దావా వేయడం ఆపకండి, ఆ రికార్డును తర్వాత కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. ఆ కాగితాల మీద మీరు, మీ సబ్ కాంట్రాక్టరుకు పని అప్పగించిన ప్రధాన కాంట్రాక్టు సంస్థ ప్రతినిధిగా సంతకం చేసి ఉంటే, ఆ సంస్థను రెండో ప్రతివాదిగా చేర్చే వాదనకు ఆధారం దొరుకుతుంది. లేకపోతే, డబ్బున్నవారన్న ఒక్క కారణంతో వారిని లాగితే నిలవదు. వాట్సాప్ సందేశాలున్న ఫోన్‌ను మార్చకండి, చెరపకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

ఆటో లెవెల్ విషయంలో మీ స్నేహితుల సలహా మిమ్మల్ని జైలు దాకా తీసుకుపోగలదు. సంస్థ మీకు ఉద్యోగిగా అప్పగించిన వస్తువును మీ బకాయికి తాకట్టులా పట్టుకునే హక్కు మీకు లేదు. ఉద్యోగి చేసిన నమ్మకద్రోహానికి భారతీయ న్యాయ సంహిత 316(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అలాంటి ఫిర్యాదు ఒకటి పడిందంటే, ఆ రోజు నుంచి మీరు జీతం అడిగే మనిషి కాదు, రాజీకి వచ్చి జీతం వదులుకునే మనిషి. రేపే ఆ పరికరాన్ని, స్టాండుతో, కొలత కర్రతో, లెవెల్ బుక్కులతో సహా తీసుకెళ్లి అప్పగించండి. అప్పగించేటప్పుడు ‘మా సైట్ ఇంజినీరు ఫలానా వారి నుంచి, నంబరు ఇంత ఉన్న ఆటో లెవెల్, ఇన్ని లెవెల్ బుక్కులు ముట్టినవి’ అని రాయించి, తేదీతో సంతకం తీసుకోండి. మూడేళ్లుగా మీకు దొరకని కాగితం ఇదే అవుతుంది. మిమ్మల్ని తమ ఇంజినీరని వారే రాసి ఇచ్చినట్లే. సంతకం పెట్టకపోతే జాబితా జతచేసి, ఎప్పుడు వచ్చి తీసుకుంటారో అడుగుతూ రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి.

దావా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేయాలి. పని జరిగిన చోటైనా, కాంట్రాక్టరు ఉండే చోటైనా వేయవచ్చు. అప్పటి వేతన చెల్లింపుల చట్టం నెలకు 24,000 దాటిన జీతానికి వర్తించేది కాదు. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది గనుక, 2023 బకాయిని దాని మీద ఆధారపడి అడగడం సాహసం. సివిల్ కోర్టే మీకు గట్టి దారి.

మీ కొత్త ఉద్యోగానికి మాత్రం ఆ కోడ్ పూర్తిగా పనికివస్తుంది. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు, మానేస్తే రెండు పనిదినాల్లోపు ఇవ్వాలని అది చెబుతుంది. సాంకేతిక, పర్యవేక్షణ పనులు చేసేవారు కూడా అందులో ఉద్యోగులే. జీతం ఇచ్చామని రుజువు చేయవలసిన బాధ్యత యజమానిదే. బిల్లు రాలేదన్న సాకుకు అందులో చోటు లేదు. అయితే ఇదంతా ‘ఉద్యోగి’కి. కర్నూలు ఆఫీసు మిమ్మల్ని ‘కన్సల్టెంట్’ అని రాసుకుంటే, రేపు జీతం ఆగినప్పుడు మీరు ఉద్యోగి కాదనే వాదనతోనే మొదలుపెడతారు.

కడప సబ్ కాంట్రాక్టరు 45,000 ఇస్తానన్నా, లేఖ లేకుండా ఒక పెద్ద కాంట్రాక్టరు బిల్లు మీద ఆధారపడినవాడైతే, మీరు మళ్లీ 2023 మార్చిలోకి వెళ్తున్నట్లే. దాన్ని వదిలేయమనే నా సలహా. పెద్ద సంస్థను నమ్మే ముందు పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో Establishment Search తెరిచి, ఆ సంస్థ పేరు కొట్టి, View Payment Details చూడండి. ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారో, ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. పీఎఫ్ తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఏప్రిల్‌ది ఆగస్టులో, మేది సెప్టెంబరులో కట్టినట్లు కనిపిస్తే, లేదా ఎనభై మంది పేర్లు నాలుగు నెలల్లో ముప్పైకి దిగితే, ఆ సంస్థలో డబ్బు తిరగడం లేదని మీకు ఎవరూ చెప్పనవసరం లేదు. వరుసగా సమయానికి కట్టి ఉంటే, నెల జీతం, హోదా, చెల్లించే సంస్థ పేరు ఉన్న అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి తీసుకున్నాక చేరండి. డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి.

ఎక్కడ ఎక్కువ నేర్చుకుంటారో మీ వృత్తిలో పెద్దలు నాకంటే బాగా చెబుతారు. నా అనుభవంలో చూసింది మాత్రం చెబుతాను. కొలతల పుస్తకమైన ఎం-బుక్ రాయడం, కడ్డీలు ఎలా వంచాలో చెప్పే బార్ బెండింగ్ షెడ్యూల్, జరిగిన పనికి ఎప్పటికప్పుడు పెట్టే ఆర్‌ఏ బిల్లు తయారీ మీ చేతికిచ్చి, కింద మీ పేరు రాయించే చోట మనిషి పని నేర్చుకుంటాడు. సైట్‌లో కూలీల హాజరు మాత్రమే రాయించే చోట నేర్చుకునేదీ ఉండదు, రేపు చూపించుకునే కాగితమూ ఉండదు. డిజైన్ ఆఫీసుకూ అదే కొలత. డ్రాయింగ్ కింది పట్టీలో ‘గీసినవారు’ గడిలో మీ పొడి అక్షరాలు వేస్తారా, సీనియర్ దిద్దిన ప్రతి మీకు తిరిగి ఇస్తారా అని అడగండి. రెండిటికీ ఔనని చెప్పి, ‘కన్సల్టెంట్’ అన్న మాట తీసేసి ఉద్యోగిగా లెటర్ ఇస్తే, 22,000 అయినా ఆ ఆఫీసును నేను పక్కన పెట్టను.

ముందు మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్, ఆటో లెవెల్ అప్పగింత రసీదు, సమాచార హక్కు దరఖాస్తు నకలు తీసుకుని మీ ఊళ్లోని న్యాయవాది దగ్గరకు వెళ్లి, మార్చి రెండో వారం దాటకుండా దావా దాఖలు చేయించండి.